కబురంటే చీటీ కాదు

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. పుస్తకాల్లో ఉండే ఉర్దూ కాదు, మన వైపు ముసల్మాన్ల ఇళ్లలో నలిగి నలిగి మెత్తబడిన ఉర్దూ. కానీ నాకు కోపం వస్తే మాత్రం తెలుగే వస్తుంది. ఆ సంగతి మా ఆయనకు బాగా తెలుసు. నా నోట్లోంచి తెలుగు మొదలైందంటే చాలు, చేతిలో పని అక్కడ పెట్టి టీ తాగడానికి పోతాడు.

నేను తెలుగులో ఎమ్మే చేశాను. ఆ రోజుల్లో మా వాడకట్టులో నవ్వని మనిషి లేడు. "తురకోళ్ల పిల్లకు తెలుగు ఎమ్మే ఏంది?" అని తెలుగిళ్లవాళ్లు, "తెలుగు చదివి ఏం చేస్తది, పురాణం చెప్తదా?" అని మావాళ్లు. బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసే మా అబ్బా ఒక్కడే నన్ను చూసి నవ్వకుండా కాలేజీకి పంపాడు. తర్వాత గోదావరిఖనిలో ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. ఆ స్కూలు ఇంగ్లీషు మీడియం పిచ్చిలో పడి తెలుగు పీరియడ్లు తగ్గించేసరికి వాళ్లతో గొడవపడి బయటికి వచ్చాను. అప్పటి నుంచి చౌరస్తాలో మా ఆయన నడిపే జిరాక్సు, డీటీపీ దుకాణంలో రెండో టేబులు నాది. అఫిడవిట్లు, పెళ్లి కార్డులు, యూనియన్ల కరపత్రాలు, ఏది వచ్చినా ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చి ఇస్తాను. ఆయన టైపు చేస్తాడు.

ఒకరోజు ఒక కంపెనీ హెచ్‌ఆర్ ఆఫీసరు వచ్చాడు. సర్కారు బొగ్గు కంపెనీ వాడు కాదు, ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీద మట్టి తీసే పని కాంట్రాక్టుకు తీసుకున్న ఒక ప్రైవేటు కంపెనీవాడు. హైదరాబాదు పిల్లగాడు, మర్యాదస్తుడు. చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. సెలవులు ఎన్ని, ఎట్లా అడగాలి, డ్యూటీలో ఎట్లా నడుచుకోవాలి, ఏది తప్పు, తప్పు చేస్తే ఏమవుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. డంపర్ డ్రైవర్లు, హెల్పర్లు, మెకానిక్కులు అందరికీ తెలుగులో అచ్చువేసి పంచాలట. దానికి తెలుగు కూడా తెచ్చాడు. కంప్యూటరుతో చేయించిందట. "జెర సరిచేసి ఇవ్వండి మేడం, చాలు" అన్నాడు.

తెరిచి చూశాను. మొదటి పేజీలోనే "ఉద్యోగి మద్యం యొక్క ప్రభావం కింద ఉండరాదు" అని ఉంది. ప్రభావం కింద ఎందుకుంటాడు, మంచం కింద ఉంటాడు గానీ! ఇంకో చోట సెలవు ఎవరెవరు చనిపోతే ఇస్తారో చెబుతూ "తక్షణ కుటుంబం" అని ఉంది. తక్షణం వచ్చే కుటుంబం ఏ కంపెనీలో తయారవుతుందో మరి. నేను పడీపడీ నవ్వాను. ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది. నాకే పాపమనిపించి, "ఇది సరిచేసేది కాదు బాబూ, మళ్లీ రాయాలి. పదిహేను రోజులు టైమియ్యి" అన్నాను.

ఆ పదిహేను రోజులు నేను ఎంత సంతోషంగా పని చేశానో చెప్పలేను. పెళ్లి కార్డుల్లో నా తెలుగుకు పనేముంది? ఇది వందల మంది బతుకులకు సంబంధించిన పుస్తకం. మద్యం ప్రభావం తీసేసి "తాగి డ్యూటీకి రాకూడదు" అని రాశాను. తక్షణ కుటుంబం తీసేసి "భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు" అని విడివిడిగా రాశాను. క్యాజువల్ లీవుకు "ఆకస్మిక సెలవు" అని ఉంటే కొట్టేసి, అందరూ అనే "సీఎల్" అనే ఉంచాను. చెప్పకుండా డ్యూటీ మానడాన్ని ఇక్కడ అందరూ నాగా అంటారు. "అనధికార గైర్హాజరు" అన్నంత పొడుగు మాట అవసరమేముంది? నాగా అని పెట్టాను. రాసిన పేజీలు పట్టుకుని షేర్ ఆటోల అడ్డా దగ్గరికి పోయి చదివి వినిపించేదాన్ని. వాళ్లు తలూపితే ఆ వాక్యం ఉంచేదాన్ని, నుదురు ముడేస్తే మార్చేదాన్ని. అడ్డా మీద ఒక కాక, గనిలో రిటైరైన ముసలాయన, "టీచరమ్మా, గిది కంపెనీ పుస్తకమా? మా ఇంటిది మాట్లాడినట్టే ఉన్నది" అన్నాడు. నాకు ఏ సన్మానం చేసినా అంత సంతోషం కలగదు.

ఇక అసలు సంగతి. సెలవుల అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. కంప్యూటరు తెలుగులో అది ఇట్లా ఉంది: "అస్వస్థత లేదా అత్యవసర పరిస్థితి కారణముగా విధులకు హాజరు కాలేని ఉద్యోగి నలభై ఎనిమిది గంటలలోపు తన పర్యవేక్షకునికి లిఖితపూర్వకముగా తెలియపరచవలెను. తెలియపరచని యెడల సదరు గైర్హాజరు అనధికారికముగా పరిగణింపబడును." ఇది చదివి డ్యూటీ దిగివచ్చిన డంపర్ డ్రైవరు ఏం చేస్తాడు? పుస్తకం తీసి అటక మీద పడేస్తాడు. నేను ఇట్లా రాశాను: "ఒంట్లో బాగాలేకనో, ఇంట్లో ఆపద వచ్చో డ్యూటీకి రాలేకపోతే నలభై ఎనిమిది గంటల్లోపు మీ సూపర్‌వైజరుకు కబురు చేయాలి. కబురు చేయకుండా మానేసిన రోజులు నాగా కింద వస్తాయి."

కబురు. ఆ మాట దొరికినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అది మా అమ్మీ నోట్లో ఉన్న ఖబర్ కదా. మా ఇంటి మాట తెలుగింట్లోకి కోడలుగా పోయి, ఆ ఇంటి పిల్లే అయిపోయింది. ఆ రెండు ఇళ్ల మధ్యనే నా బతుకంతా గడిచింది. ఆ వాక్యాన్ని మళ్లీమళ్లీ పైకి చదువుకున్నాను.

టైపు చేస్తున్న మా ఆయన అక్కడ ఆగాడు. ఇంగ్లీషు కాగితం చూసి, నా కాగితం చూసి, "ఇన్ రైటింగ్ అని ఉంది ఇక్కడ. రాసి ఇవ్వాలని. నీ దాంట్లో అది ఏది?" అని అడిగాడు, మా ఉర్దూలో.

నాకు సర్రున కోపం వచ్చింది. "కబురంటే రాసింది గూడ వస్తది. ఇన్నేండ్లు తెలుగు చెప్పినదాన్ని, నాకు నువ్వు చెప్తవా?" అన్నాను, తెలుగులో.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని టీకి పోయాడు. తిరిగొచ్చి నేను రాసింది రాసినట్టే టైపు చేశాడు.

నేనేం అబద్ధం చెప్పలేదు. నా లోపల అది నిజమే. మా ఇంట్లో పొద్దున పేపరు తెరిస్తే "ఖబరాఁ క్యా హైఁ?" అని వార్తలు అడిగేది అమ్మీ. నా మటుకు ఆ మాటకు ఎప్పుడూ సిరా వాసన ఉంది. తెలుగింట్లోకి వచ్చాక ఆ మాట సిరాను వదిలేసి వట్టి నోటి మాటగా బతుకుతోందని నాకు తట్టలేదు. పైగా "లిఖితపూర్వకముగా" అన్న ఆ పొడుగు మాట మీద నాకున్న కసి ఒకటి. దాన్ని కొట్టేసినప్పుడు దాని లోపలున్న పని కూడా కొట్టేశానని చూసుకోలేదు. హెచ్‌ఆర్ అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు, తెలుగు గుణించుకుంటూ చదువుతాడు. "చాలా ఈజీగా ఉంది మేడం" అని సంతకం పెట్టి అచ్చుకు పంపాడు. మొదటి పేజీ అడుగున "తెలుగుకూ ఇంగ్లీషుకూ తేడా వస్తే ఇంగ్లీషే చెల్లుతుంది" అన్న వాక్యం కూడా నేనే రాశాను. దాంట్లో మాత్రం ఒక్క ముక్క వదల్లేదు.

ఏడాది దాటింది. ఒక మధ్యాహ్నం, ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయి దుకాణం అద్దాలు గడగడలాడాక, ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. ఒక చేయి పొట్ట మీద పెట్టుకుని మెల్లగా నడుస్తోంది. ఇంకో చేతిలో నా పుస్తకం ఉంది. ఒక పేజీ మూల మడిచి ఉంది.

"అక్కా, ఇది మీరే రాసిన్రట గదా?"

"అవును. కూసో. ఏమైంది?"

ఆమె కూర్చుని చెప్పుకొచ్చింది. ఆమె భర్త ఆ కంపెనీలో డంపర్ డ్రైవరు. నెలన్నర కింద ఆమెకు కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్ పగిలిందని ఇక్కడి డాక్టరు అంటే కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయారు. పోయే ముందు భర్త ఫికర్ పడ్డాడట, డ్యూటీ ఎట్లా అని.

"నొప్పిల గూడ నేనే చెప్పిన అక్కా. పుస్తకం ఇచ్చినప్పుడు చదివి వినిపిచ్చింది నేనే. పదో తరగతి పాసైన. కబురు చేస్తే సాలు అని ఉన్నది, పక్కింటన్నతోని కబురు చెయ్యి, ఏం కాదు అన్న. ఆ అన్నది గూడ గదే షిఫ్టు. ఆయన పోయి సూపర్‌వైజరుకు చెప్పిండు. సరే తియ్ అన్నడట సూపర్‌వైజర్ సారు."

ఆపరేషనయ్యాక చీము పట్టి పదమూడు రోజులు దవాఖానలోనే ఉందట. భర్త ఒక్కడే ఉండి చూసుకున్నాడు. పద్నాలుగో రోజు డ్యూటీకి పోతే గేటు దగ్గరే కాగితం ఇచ్చారు. పది రోజులకు మించి నాగా పెట్టాడని ఛార్జిషీటు. ఇప్పుడు ఎంక్వయిరీ. అది రుజువైతే ఉద్యోగం తీసేస్తారు.

"సూపర్‌వైజర్ సారు గూడ అబద్ధం ఆడలే అక్కా. వచ్చి చెప్పిన్రు, నిజమే అంటున్నడు. గానీ రాసి ఇయ్యలే, రూలు ప్రకారం రాసి ఇయ్యాలె అంటున్నరు. పుస్తకంల గట్ల లేదు గదా అక్కా? జెర చూసి చెప్పుండ్రి. నేనేమన్న తప్పు చదివిన్నా?"

ఆమె ఆ పేజీ తెరిచి, వేలు ఆ వాక్యం మీద పెట్టి నా వైపు జరిపింది. ఆమె అడిగేది కంపెనీ గురించి కాదు. తను తప్పు చదివి, మొగుడి ఉద్యోగం తనే పోగొట్టిందేమోనని ఆమె భయం.

"నువ్వు సరిగ్గనే చదివినవు" అన్నాను.

ఆమె పోయాక బీరువాలోంచి ఇంగ్లీషు ప్రతి తీశాను. ఇన్ రైటింగ్. రెండు చిన్న మాటలు. మా ఆయన పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆయన ఏదన్నా అంటే బాగుండేది, నేను తెలుగులో విరుచుకుపడేదాన్ని, కాస్త తేలికయ్యేది.

రెండు రోజులకు హెచ్‌ఆర్ అబ్బాయి ఫోను చేశాడు. ఎంక్వయిరీలో ఆ డ్రైవరు తెలుగు పుస్తకం చూపిస్తున్నాడట, అందుకని తర్జుమా చేసిన మనిషిగా నన్ను పిలుస్తున్నారట.

"మీకేం ఇబ్బంది లేదు మేడం. కబురు అంటే రాతపూర్వకంగా ఇచ్చే సమాచారం కూడా అని మీరు ఒక్కమాట చెప్తే చాలు. తర్జుమా కరెక్టే ఉన్నట్టు, అతను తప్పు అర్థం చేసుకున్నట్టు అవుతుంది. మీ మీద ఏమీ రాదు, నా మీదా ఏమీ రాదు." కాస్త ఆగి, "సేఫ్టీ పుస్తకం కూడా వస్తుంది మేడం. అది పెద్ద పని. మీకే ఇద్దామని సార్‌తో చెప్పాను" అన్నాడు.

చెడ్డవాడు కాదు. ఆ పుస్తకం మీద సంతకం పెట్టింది అతనే, భయపడుతున్నాడు. ఫోను పెట్టేసి మా ఆయనకు చెప్పాను.

ఆయన కీబోర్డు మీది బొగ్గు దుమ్ము తుడుస్తూ, "అది అబద్ధమేం కాదు కదా, ఆ రోజు నువ్వు నాతో అన్నది కూడా అదే" అన్నాడు.

చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. ఆ అబ్బాయి నా నోట్లో కొత్త మాటేం పెట్టలేదు. నా మాటే నాకు తిరిగి ఇస్తున్నాడు. అదే మాట ఆ రోజు నా పంతాన్ని నిలబెట్టింది, ఇప్పుడు నా పేరును నిలబెడుతుంది. దానికి ఆ మనిషి ఉద్యోగం పోతుంది, ఆమె తను తప్పు చదివానని బతికినన్నాళ్లూ ఏడుస్తుంది.

ఎంక్వయిరీ కంపెనీ సైటు ఆఫీసులో. కంటైనరు డబ్బాను గదిగా చేసిన ఆఫీసు, పైన ఏసీ బర్రుమని మోగుతోంది. ఎంక్వయిరీ ఆఫీసరు పెద్దపల్లి నుంచి వచ్చిన పెద్ద వకీలు, కంపెనీ మనిషి కాదు. ఒకవైపు కంపెనీ తరఫున హెచ్‌ఆర్ అబ్బాయి. ఇంకోవైపు డ్రైవరు, అతనికి తోడుగా కబురు మోసుకెళ్లిన పక్కింటి మనిషి. డ్రైవరును అప్పుడే మొదటిసారి చూశాను. ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

వకీలు నా పుస్తకం తెరిచాడు. "ఇది మీరు రాసిందేనా అమ్మా?"

"నేను రాసిందే సార్."

"ఇక్కడ కబురు చేయాలి అని రాశారు. ఇంగ్లీషులో రాతపూర్వకంగా అని ఉంది. కబురు అంటే ఏమిటి?"

హెచ్‌ఆర్ అబ్బాయి నన్నే చూస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపే వకీలు చేయి ఎత్తాడు. "ఉండండి. ముందు ఆయన్ని అడుగుదాం." డ్రైవరు వైపు తిరిగి, "నువ్వు చెప్పవయ్యా. కబురంటే నీకేమని అర్థమైంది?"

డ్రైవరు బెదురుతూ లేచాడు. "కబురంటే మనిషితోని చెప్పి పంపుడు సార్. నేను గట్లనే పంపిన. రాసి పంపుడైతే కబురని ఎందుకంటరు సార్, చీటీ అంటరు."

చీటీ!

పదిహేను రోజులు ఊరంతా తిరిగి మాటలు ఏరుకున్నదాన్ని, లిఖితపూర్వకముగా అన్న మాటకు జనం మాట లేదనుకుని వదిలేశాను. లేకపోవడమేమిటి? స్కూల్లో ఇన్నేళ్లు పిల్లలను "లీవు చీటీ ఏదిరా?" అని అడిగింది ఎవరు? మా అమ్మీ చిట్ఠీ అనేది. అది కూడా మా ఇంటి మాటే. నేను వెతకనేలేదు. పొడుగు మాట నచ్చక దాన్ని తీసి పారేసి, దాని జాగాలో ఏమీ పెట్టకుండా, వాక్యం అందంగా వచ్చిందని మురిసిపోయాను. మక్కీకి మక్కీ రాస్తే అర్థం కాదని అందరినీ వెక్కిరించినదాన్ని, అర్థమయ్యేలా తప్పు రాసి పెట్టాను. ఆ కంప్యూటరు తెలుగే పంచి ఉంటే ఆమెకు అర్థమై ఉండేది కాదు, ఎవరినో అడిగేది, వాళ్లు రాసివ్వమని చెప్పేవాళ్లు.

"అమ్మా, మీరు చెప్పండి" అన్నాడు వకీలు.

"ఆయన చెప్పిందే నిజం సార్. కబురంటే నోటి మాట. చీటీ కాదు. రాసి ఇవ్వాలన్న మాట నేను వదిలేశాను. టైపు చేసేటప్పుడు మా ఆయన అడిగాడు కూడా, నేనే కసిరి నోరు మూయించాను. తప్పు నాది. ఈ డ్రైవరు నేను రాసినట్టే నడుచుకున్నాడు."

హెచ్‌ఆర్ అబ్బాయి ముందుకు వంగి పుస్తకం అందుకున్నాడు. మొదటి పేజీ తిప్పి చూపించాడు. "సార్, తేడా వస్తే ఇంగ్లీషే చెల్లుతుందని ఇక్కడే ఉంది. ఇది కూడా వాళ్ల పుస్తకంలోనే ఉంది."

నాకు ఉండబట్టలేదు. "ఇంగ్లీషు పుస్తకం ఆయన చేతికిచ్చారా?" అన్నాను.

"మీరు సాక్షి అమ్మా, ప్రశ్నలు నేను అడుగుతాను" అని వకీలు నన్ను ఆపి, అదే ప్రశ్న తాను అడిగాడు. ఇవ్వలేదని హెచ్‌ఆర్ అబ్బాయి ఒప్పుకున్నాడు. పనివాళ్లకు తెలుగుదే పంచారు. చివరి పేజీలో "చదివి అర్థం చేసుకున్నాను" అన్న చోట సంతకం తీసుకున్నది కూడా తెలుగు పుస్తకం మీదే. "తేడా ఉందని తెలియాలంటే రెండూ చేతిలో ఉండాలి కదా" అని వకీలు మెల్లగా అని, ఏదో రాసుకున్నాడు. నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

బయటికి వచ్చాక హెచ్‌ఆర్ అబ్బాయి నా వెనకే వచ్చాడు. కోపంగా ఏదో అంటాడనుకున్నాను. "నేను సరిగ్గా చదవాల్సింది మేడం" అన్నాడు. "నేను సరిగ్గా రాయాల్సింది" అన్నాను. తర్వాత ఆ కంపెనీ నుంచి నాకు పని రాలేదు. సేఫ్టీ పుస్తకం హైదరాబాదులో ఎవరికో ఇచ్చారు. పాత సెలవుల పుస్తకాల్లో అంటించడానికి సవరణ కాగితం మాత్రం నేనే రాసి ఇచ్చాను, అడగకముందే. "సూపర్‌వైజరుకు చీటీ రాసి పంపాలి. రాయడం రాకపోతే ఎవరితోనైనా రాయించి పంపాలి" అని. టైపు చేసేటప్పుడు మా ఆయనను, "ఏమన్నా వదిలేశానా చూడు" అని అడిగాను. ఉర్దూలోనే అడిగాను. ఆయన ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టుకుని వేలు పెట్టి ఒక్కొక్క మాటా చూశాడు. "నలభై ఎనిమిది గంటలు వదిలేశావు" అన్నాడు. మళ్లీ రాశాను.

మూడు వారాల తర్వాత ఆమె, భర్త ఇద్దరూ దుకాణానికి వచ్చారు. ఆమె ఈసారి పొట్ట మీద చేయి పెట్టుకోలేదు. కంపెనీ ఇచ్చిన ఉత్తర్వు పట్టుకొచ్చారు. ఇంగ్లీషులో ఉంది. గేటు దగ్గర ఎవరో "ఏం కాలే, పని ఉన్నట్టే" అన్నారట. అయినా ఆమె నమ్మలేదు.

"అక్కా, మీరు చదువుండ్రి. మంచిగ చెప్పుడు వద్దు. ఏమున్నదో గదే చెప్పుండ్రి. ఒక్క మాట గూడ ఇడువద్దు."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో నిష్ఠూరమేం లేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

చదివాను. నా జన్మలో అంత వికారమైన తెలుగు మాట్లాడలేదు. "పైన సూచించబడిన అభియోగము విచారణలో రుజువు కాలేదు. అయిననూ, సదరు పదమూడు రోజుల గైర్హాజరు జీతము లేని సెలవుగా పరిగణింపబడును." ఇద్దరూ కళ్లార్పకుండా వింటున్నారు. అర్థం కానిచోట ఆమె ఆపుతోంది, నేను విప్పి చెబుతున్నాను, మళ్లీ ఆ కాగితపు మాటల్లోకే వెళ్తున్నాను. చివరి వాక్యం దగ్గర నేనే ఆగిపోయాను. "ఈ ఉత్తర్వు అందిన నలభై ఎనిమిది గంటలలోపు తాము విధులలో చేరుచున్నట్లు..."

"చేరుచున్నట్లు?" అంది ఆమె.

"లిఖితపూర్వకముగా తెలియపరచవలెను."

అదే మాట. నేను కొట్టి పారేసిన మాట, ఎక్కడికీ పోకుండా నా ముందుకొచ్చి కూర్చుంది.

"అంటే ఏందక్కా?"

"చీటీ రాసి ఇయ్యాలె" అన్నాను. "రేపు డ్యూటీకి పోయేటప్పుడు. నోటితోని చెప్తే నడువది."

మా ఆయన కీబోర్డు ముందుకు జరుపుకున్నాడు, టైపు చేసి ఇద్దామని. డ్రైవరు వద్దన్నాడు. "నేనే రాస్త సార్. నా చేతి రాత ఉండాలె." తెల్ల కాగితం ఇచ్చాను, పెన్ను ఇచ్చాను. స్టూలు మీద కూర్చుని, టేబులు అంచు పట్టుకుని, ఒక్కో అక్షరం గీశాడు. చాలాసేపు పట్టింది. ఆమె భుజం మీంచి వంగి చూస్తోంది. రాసి, నా చేతికిచ్చాడు.

"సూపర్ వైజర్ సారుకు. నేను డూటికి వచ్చిన. మా ఇంటామెకు మంచిగైంది."

నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఇన్నేళ్ల అలవాటు, దానంతటదే చేతికి వచ్చింది. డ్యూటీకి అని దిద్దాలి. వచ్చాను అని దిద్దాలి. రెండో వాక్యం ఆ చీటీకి అక్కర్లేదు, కొట్టేయాలి.

"ఏమన్న తప్పు ఉన్నదా అక్కా?" అన్నాడు.

"తారీఖు ఎయ్యి. కింద సంతకం పెట్టు" అన్నాను. పెన్ను మూత పెట్టి డ్రాయర్లో వేశాను. మా ఆయన లేచి ఆ చీటీని జిరాక్సు తీసి, ఒకటి ఆమె చేతికిచ్చాడు.